జముకు తీగ వాద్యమా, చర్మ వాద్యమా? వాద్యాల వర్గీకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

వాద్యాలు నాలుగు రకాలని బడిలో చదువుకున్నాం. ఆ నాలుగూ ఏవి?

తీగ మోగితే తత వాద్యం: వీణ, తంబుర, వయొలిన్. గాలి మోగితే సుషిర వాద్యం: వేణువు, నాదస్వరం, శంఖం. బిగించిన తోలు మోగితే అవనద్ధ వాద్యం: మృదంగం, డోలు, డప్పు. తీగా తోలూ లేకుండా వస్తువు తన గట్టిదనంతోనే మోగితే ఘన వాద్యం: తాళాలు, గంట, చిడతలు. భరతుడి నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో ఇది ఒక్క శ్లోకంలో ఉంది: "తతం చైవావనద్ధం చ ఘనం సుషిరమేవ చ, చతుర్విధం తు విజ్ఞేయమాతోద్యం లక్షణాన్వితమ్."

ఇక్కడ దేనితో వాయిస్తున్నామన్నది లెక్కలోకి రాదు. వయొలిన్‌ని కమానుతో రాసినా, వీణని గోటితో మీటినా, సంతూర్‌ని చిన్న పుల్లలతో కొట్టినా మూడూ తీగ వాద్యాలే. పియానో సంగతీ అంతే. మీట నొక్కితే లోపల సుత్తి తీగని కొడుతుంది, మోగేది తీగ. ఏ పదార్థంతో చేశారన్నదీ లెక్కలోకి రాదు. వేణువుని వెదురుతో చేసినా ప్లాస్టిక్‌తో చేసినా అందులో మోగేది గాలే.

మన పాత గ్రంథాలన్నీ నాలుగే అన్నాయా?

అనలేదు. నారదుడి పేరు మీద ఉన్న సంగీత మకరందంలో ఐదు కనిపిస్తాయి: నఖజం, వాయుజం, చర్మజం, లోహజం, శరీరజం. అంటే గోటితో పుట్టేది, గాలితో పుట్టేది, చర్మంతో పుట్టేది, లోహంతో పుట్టేది, శరీరంతో పుట్టేది. చివరిది మనిషి గొంతు. జాగ్రత్తగా చూస్తే ఈ ఐదూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. గోరు అనేది వాయించే పద్ధతి, చర్మం మోగే వస్తువు, లోహం పదార్థం. ఒక్కో గదికి ఒక్కో కొలబద్ద పెట్టినట్టయింది.

భరతుడి నాలుగు అంతకంటే శుభ్రంగా ఉన్నాయి కాబట్టే నిలబడ్డాయని నా అభిప్రాయం. కానీ ఆయన అవసరం వేరని మరిచిపోకూడదు. నాటకంలో ఏ వాద్యం ఏ పని చేస్తుందో చెప్పడానికి ఆయన ఈ విభజన చేశాడు. ప్రపంచంలోని ప్రతి వాద్యాన్నీ ఏదో ఒక గదిలో పెట్టి తీరాలనే పట్టుదల ఆయనకి లేదు. ఆ పట్టుదల మ్యూజియంలతో వచ్చింది.

మ్యూజియంలకి దీనితో పనేమిటి?

1876లో కలకత్తాకు చెందిన సౌరీంద్రమోహన్ ఠాగూర్ భారతీయ వాద్యాల పెద్ద సేకరణని బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్‌కి కానుకగా పంపారు. అవి బ్రస్సెల్స్ సంగీత విద్యాలయపు మ్యూజియంలో చేరాయి. అక్కడి క్యూరేటర్ విక్టర్ షార్ల్ మాయోఁ 1880లో తన కేటలాగు మొదటి భాగం తెచ్చినప్పుడు వాద్యాలను నాలుగు వర్గాలుగా విడగొట్టాడు: తనంతట తాను మోగేవి, చర్మంతో మోగేవి, తీగతో మోగేవి, గాలితో మోగేవి. భారతీయ విభజన ఆయన ఆలోచన మీద పనిచేసిందని చాలామంది పరిశోధకులు అంటారు. నాలుగు గదులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట కొట్టిపారేయడం కష్టం.

ఆ పునాది మీద 1914లో ఎరిక్ ఫాన్ హోర్న్‌బోస్టెల్, కర్ట్ జాక్స్ అనే ఇద్దరు జర్మన్ భాషలో పూర్తి పద్ధతి ప్రచురించారు. లైబ్రరీలో పుస్తకాలకి వేసే డ్యూయీ అంకెల్లాగే వాద్యాలకీ అంకెలు వేశారు. 1 అంటే ఘన వాద్యాలు, 2 అంటే చర్మ వాద్యాలు, 3 అంటే తీగ వాద్యాలు, 4 అంటే వాయు వాద్యాలు. ఆ తర్వాత వచ్చే ఒక్కో అంకె వాద్యాన్ని ఇంకా చిన్న గదిలోకి పంపుతుంది. ఇప్పటికీ ప్రపంచంలోని మ్యూజియంలు ఎక్కువగా దీన్నే వాడుతున్నాయి. 2011లో దీనికొక సవరించిన రూపం కూడా వచ్చింది.

మరి ఇది ఎక్కడ తేడా కొడుతుంది?

ఈ పద్ధతి ఒక్క ప్రశ్నే అడుగుతున్నట్టు ఉంటుంది: "మోగేది ఏమిటి?" నిజానికి అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మొదట కంపించేది ఏది? శ్రుతిని, అంటే ధ్వని ఎంత పైస్థాయిలో ఉండాలన్నదాన్ని, నిర్ణయించేది ఏది? ఆ కంపనాన్ని గదిలోని గాలికి అందించి మన చెవి దాకా చేర్చేది ఏది?

డప్పులో మూడింటికీ జవాబు తోలే. తాళాల్లో మూడింటికీ జవాబు ఆ కంచు బిళ్లే. అలాంటి చోట పేచీ రాదు. వీణలో మొదటి రెండింటికీ జవాబు తీగ, మూడోదానికి కుండ, దాని మీది పలక. మూడోదాన్ని పట్టించుకోవద్దని హోర్న్‌బోస్టెల్, జాక్స్ ముందే నిర్ణయించుకున్నారు కాబట్టి వీణ కూడా నేరుగా తీగ గదిలోకి పోతుంది. మొదటి రెండు జవాబులూ విడిపోయినప్పుడు, లేదా మూడోదాన్ని పక్కన పెట్టాలన్న నియమాన్ని వాళ్లే మరిచిపోయినప్పుడు పేచీ మొదలవుతుంది. రెండోది జరిగింది మన జముకు విషయంలోనే.

జముకు అంటే ఏమిటి? చూడని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి.

ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ల చేతిలో ఉండే వాద్యం. తెలంగాణలో దీన్ని జమిడిక అంటారు. బైండ్లవాళ్లు రేణుక ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయిస్తారు. చిన్న బిందె అంత డొల్ల గుండ్రటి పాత్ర, చెక్కదో లోహానిదో. ఒక వైపు తోలు మూసి ఉంటుంది, రెండో వైపు తెరిచి ఉంటుంది. తోలు సరిగ్గా నడిమధ్యలో చిన్న రంధ్రం. ఆ రంధ్రంలోంచి ఒక నరం పోనిచ్చి, అది జారిపోకుండా ముడి వేస్తారు. నరం పాత్ర లోపలినుంచి వచ్చి తెరిచిన మూతిలోంచి బయటికి వస్తుంది. దాని రెండో కొసకి చిన్న పిడి. పాత్రని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పిడిని లాగి పట్టుకుని, రెండో చేత్తో నరాన్ని మీటుతారు. పిడిని ఇంకొంచెం లాగితే శ్రుతి పైకి ఎగురుతుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. ఆ ఎగుడుదిగుడు జారుడే దాని అందం.

ఈ కుటుంబం మనదొక్కటే కాదు. కర్ణాటకలో ఎల్లమ్మ భక్తుల చౌడికె, మహారాష్ట్రలో చౌండక, బెంగాల్ బౌల్ గాయకుల ఖమక్ లేదా ఆనందలహరి అన్నీ దీని అన్నదమ్ములే. గోపీయంత్రం కొంచెం దూరపు చుట్టం. అందులో నరం పై కొసని చెయ్యి కాకుండా రెండు వెదురు బద్దల కొమ్ము పట్టుకుంటుంది. ఆ బద్దల్ని వేళ్లతో నొక్కితే శ్రుతి మారుతుంది.

1914 పద్ధతి దీన్ని ఎక్కడ పెట్టింది?

చర్మ వాద్యాల్లో. 2 తర్వాత ఇంకో 2. అంటే 22, "మీటే చర్మ వాద్యాలు". ఉదాహరణలుగా ఇచ్చినవి మన దేశపు గోపీయంత్రం, ఆనందలహరి. వాళ్లిచ్చిన నిర్వచనం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: తోలు నడిమధ్యన కింద ఒక తీగ ముడివేసి ఉంటుంది, దాన్ని మీటితే దాని కంపనాలు తోలుకి అందుతాయి.

నిర్వచనంలోనే తీగ కంపిస్తోందనీ, అది తోలుకి అందుతోందనీ ఒప్పుకున్నారు. వీణ తీగ కంపనమూ పలకకి అందేదే కదా? అక్కడ పలక పేరు మీద వర్గం పెట్టలేదు, ఇక్కడ తోలు పేరు మీద పెట్టారు. చూడ్డానికి డోలులా ఉంది కాబట్టి డోళ్ల గదిలో వేశారన్నది నా అనుమానం.

అయితే తోలు మోగట్లేదని ఎలా చెప్పగలం? చెవికి వినపడేది తోలు శబ్దమే కదా.

వినపడేది తోలు ద్వారానే. అది మూడో ప్రశ్న. శ్రుతి ఎవరిదన్నది రెండో ప్రశ్న. దాన్ని తేల్చడానికి యంత్రాలేవీ అక్కర్లేదు, చేతులు చాలు. జముకు గానీ, అలాంటిదేదైనా గానీ దొరికితే ఈ కింది పనులు చేసి చూడండి.

పిడిని ఒకే బిగువులో ఉంచి ఎవరిచేతనైనా నరాన్ని సరిగ్గా మధ్యలో రెండు వేళ్లతో గట్టిగా పట్టించండి. ఇప్పుడు మిగిలిన సగాన్ని, తోలు వైపుది, మీటండి. శ్రుతి దాదాపు ఒక స్థాయి, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం దాకా, పైకి పోతుంది. కంపించే పొడవు సగమైతే తీగ చేసే పని అదే. శ్రుతి తోలుదే అయి ఉంటే నరాన్ని ఎక్కడ పట్టుకున్నా అది మారాల్సిన పని లేదు.

తర్వాత తోలు అంచున అరచేయి ఆనించి మళ్లీ మీటండి. శబ్దం చిన్నదవుతుంది, మందంగా మారుతుంది, కానీ శ్రుతి పెద్దగా కదలదు. ఆఖరికి నరాన్ని పూర్తిగా వదులు చేసి తోలుని వేలితో కొట్టండి. "డబ్" మని వచ్చే ఆ శబ్దానికీ, మీటినప్పుడు వచ్చిన స్వరానికీ సంబంధం కనిపించదు. తోలుకి తన సొంత గొంతు ఉంది, వాయించేటప్పుడు పాడేది మాత్రం నరమే.

లెక్కా దీనికి సాయం చేస్తుంది. తీగ శ్రుతి దాని బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. షడ్జమం నుంచి పంచమానికి ఎక్కాలంటే పౌనఃపున్యం, అంటే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నది, ఒకటిన్నర రెట్లు కావాలి. అంటే బిగువు రెండుంపావు రెట్లు. పై షడ్జమానికి నాలుగు రెట్లు. మొదట కిలో బరువంత లాగితే, పంచమానికి రెండుంపావు కిలోలు, పై షడ్జమానికి నాలుగు కిలోలు లాగాలి. చంకలో పాత్ర, వేళ్ల మధ్య పిడి పెట్టుకుని ఆ లాగుడు లాగుతూ కథ చెప్పాలి. జముకు వాయించేవాళ్ల ముంజేతి సత్తా ఏమిటో ఇందులోనే తెలుస్తుంది.

తేలిపోయింది కదా, ఇంకా వాదన ఎందుకు?

తోలు పక్షాన కూడా చెప్పడానికి ఉంది కాబట్టి. వీణ పలక గట్టిది, తీగ ఎంత బిగించినా కంటికి కనిపించేంతగా వంగదు. జముకు తోలు అలా కాదు. నరాన్ని లాగితే తోలు గరాటులా లోపలికి వంగుతుంది. అంటే నరంతో పాటు తోలు కూడా బిగుస్తోంది. తోలు కొంత సాగి ఇస్తుంది కాబట్టి నరం బిగువు ఎంత పెరుగుతుందన్నది తోలు మీద కూడా ఆధారపడుతుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదులుతున్నాయి.

ఇంకో చిక్కు ఉంది, నాకు ఇదే అన్నిటికంటే ఇష్టమైనది. వీణలో తీగ పలకకి సమాంతరంగా పోతుంది. జముకులో నరం తోలుకి నిలువుగా ఉంటుంది. నిలువుగా ఉన్న నరాన్ని మీటితే అది పక్కలకి ఊగుతుంది, తోలుని నేరుగా ముందుకీ వెనక్కీ తొయ్యదు. మరి తోలు ఎలా కదులుతుంది? నరం ఒక పక్కకి పూర్తిగా వంగినప్పుడు కొంచెం సాగి బిగుస్తుంది, మధ్యకి వచ్చినప్పుడు సడలుతుంది, రెండో పక్కకి వంగినప్పుడు మళ్లీ బిగుస్తుంది. ఒక్కసారి అటూ ఇటూ ఊగి వచ్చేలోపు తోలుని రెండుసార్లు లాగుతుంది. అందుకని తోలుకి అందే కంపనంలో నరం సొంత శ్రుతికి రెట్టింపు, అంటే ఒక స్థాయి పైది, బలంగా ఉంటుంది. చేతి పిడి ఎప్పుడూ సరిగ్గా నిలువుగా ఉండదు, కొంచెం వాలుగా ఉంటుంది. ఆ వాలు వల్ల అసలు శ్రుతి కూడా కొంత చేరుతుంది. ఈ కలయిక వల్లే ఆ గొంతుకి ఆ వింత పలుకు.

ఇంత ఉన్నా నా తీర్పు మారదు. శ్రుతి రెట్టింపైనా అది నరం శ్రుతికి రెట్టింపే. 1981లో సంగీత పరిశోధకుడు లారెన్స్ పికెన్ గోపీయంత్రం, ఆనందలహరులని పరిశీలించి అవి చర్మ వాద్యాలు కావనీ, బిగువు మార్చుకుంటూ వాయించే తీగ వాద్యాలనీ వాదించారు. ఆ తర్వాత చాలామంది అటే మొగ్గారు.

తీగ తోలుకి నిలువుగా ఉంటే తీగ వాద్యం కాకుండా పోతుందా?

పోదు. హార్ప్‌ని చూడండి. తీగల వరస పలకకి నిలువుగా ఉండటమే హార్ప్‌కి అదే 1914 పద్ధతి పెట్టిన గుర్తు. బర్మా హార్ప్‌లో ఆ పలక కూడా చెక్క కాదు, జింక తోలు. అంటే తోలు మీద నిలువుగా తీగలున్న వాద్యాన్ని వాళ్లే ఎలాంటి తడబాటూ లేకుండా 3వ గదిలో పెట్టారు. మరి జముకుకీ దానికీ తేడా ఏమిటంటే, హార్ప్‌కి వంపు తిరిగిన మెడ ఒకటి ఉండి తీగల రెండో కొసని పట్టుకుంటుంది. జముకుకి ఆ మెడ వాయించేవాడి చెయ్యే. మనిషి పక్కకి వెళ్లి కూర్చుంటే మ్యూజియం అల్మరాలో మిగిలేది తోలు పాత్రా, వేలాడే నరమూ. అది చూసినవాడికి డోలులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తాడు ఉన్న ప్రతి డోలూ తీగ వాద్యమేనా అప్పుడు?

కాదు. డక్కికి నడుము చుట్టూ తాళ్లు ఉంటాయి. వాటిని నొక్కితే తోళ్లు బిగిసి శ్రుతి పైకి పోతుంది. కానీ అక్కడ తాడు మోగదు, తోలుని బిగించడమే దాని పని. తాడుని మధ్యలో పట్టుకున్నా, బిగువు మారనంతవరకు, శబ్దంలో తేడా రాదు. కాబట్టి డక్కి చర్మ వాద్యమే. అనంతపురం వైపు ఉరుములవాళ్లు తోలుని పుల్లతో రాసి ఉరిమినట్టు మోగిస్తారు. కొట్టలేదు, రాశారు, అంతే తేడా. మోగేది తోలే.

ఘటం ఘన వాద్యమే కదా? అందులో పేచీ ఏముంది?

అన్ని జాబితాల్లోనూ ఘన వాద్యమే. గోడని వేళ్లతో కొడితే వచ్చే టంగుమనే శబ్దం కుండ మట్టిదే, అందులో అనుమానం లేదు. కానీ మూతి మీద అరచేత్తో కొడితే వచ్చే "గుమ్" అనే మంద్ర శబ్దం మట్టిది కాదు. లోపల ఉన్న గాలిది. కుండ కడుపులోని గాలి స్ప్రింగులా నొక్కుకుని వదులుతుంటే మెడ దగ్గరి గాలి లోపలికీ బయటికీ ఊగుతుంది. పన్నెండు లీటర్లు పట్టే కుండకి మూతి పది సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఆ ఊగుడు సెకనుకి సుమారు 140 సార్లు. ఘటం విద్వాంసులు మూతిని పొట్టకి ఆనించి కొంచెం మూస్తూ తెరుస్తూ ఆ గుమ్మనే ధ్వనిని వంచుతారు. మూతి చిన్నదైతే ధ్వని కిందికి దిగుతుంది. మట్టి గోడ అక్కడే ఉంది, ఏమీ మారలేదు. మారింది గాలి దారి.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఘటంలో నీళ్లు పొయ్యకండి, మట్టి పీల్చుకుంటుంది. స్టీలు బిందె తీసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి మూతి మీద అరచేత్తో తట్టండి, ఒకసారి పక్కన వేలి కణుపుతో కొట్టండి. సగం దాకా నీళ్లు పోసి రెండూ మళ్లీ చెయ్యండి. మూతి మీద తట్టిన శబ్దం పైకి ఎక్కుతుంది, ఎందుకంటే లోపల గాలి తగ్గింది. కుళాయి కింద బిందె నిండుతున్నప్పుడు చప్పుడు సన్నబడుతూ పోయేది ఇందుకే. పక్కన కొట్టిన శబ్దం మాత్రం కిందికి దిగుతుంది, ఎందుకంటే గోడ ఇప్పుడు నీళ్ల బరువుని కూడా మోస్తూ కంపించాలి. జలతరంగం గిన్నెలో నీళ్లు పోస్తే శ్రుతి తగ్గేదీ ఇందుకే. ఒకే బిందె, ఒకే నీళ్లు, రెండు శబ్దాలూ ఎదురెదురు దిక్కులకి పోయాయి. మోగేవి రెండు వేరు వేరు వస్తువులని ఇంతకంటే గట్టిగా రుజువు చెయ్యక్కర్లేదు.

జముకులో పేచీ ఏ గదిలో పెట్టాలన్నది. ఘటంలో అలా కాదు, ఒక్కో దెబ్బకి ఒక్కో గది. వాద్యం మొత్తానికి ఒకే అంకె వెయ్యాలని పట్టుబడితే ఇలాంటిచోట ఏదో ఒక దెబ్బకి అన్యాయం జరుగుతుంది.

మోర్సింగ్ నాలుకా, హార్మోనియం నాలుకా రెండూ లోహపు నాలుకలే. ఒకటి ఘన వాద్యం, ఇంకోటి వాయు వాద్యం ఎలా అయ్యాయి?

మంచి ప్రశ్న, దీని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. హార్మోనియంలో ఇత్తడి నాలుకని గాలి కదిలిస్తుంది. నాలుక తన చీలికలోంచి వెళ్తూ వస్తూ గాలి ప్రవాహాన్ని తుంపులు తుంపులుగా తెంపుతుంది. మనం వినేది ఆ తుంపులే. నమ్మకం కుదరకపోతే ఒక నాలుకని బయటికి తీసి గోటితో మీటండి, పక్కవాడికి కూడా వినపడనంత సన్నగా మోగుతుంది. శ్రుతిని నాలుకే నిర్ణయిస్తుంది, కానీ ధ్వని గాలిదే. అందుకని 4వ గది.

మోర్సింగ్ పళ్లకి ఆనించి వాయించే చిన్న లోహపు వాద్యం, దాని రెండు కమ్ముల మధ్య ఉన్న నాలుకని వేలితో మీటుతాం. కాబట్టి 1914 పద్ధతిలో అది 1వ గదిలోకి పోయింది. కానీ దాన్ని చేత్తో గాలిలో పట్టుకుని మీటితే వచ్చేది పేలవమైన గిణగిణ. పళ్లకి ఆనిస్తే శబ్దం పెరుగుతుంది. ఊపిరి లోపలికి పీల్చినా బయటికి వదిలినా ఇంకా పెరుగుతుంది. నాలుకకీ రెండు కమ్ములకీ మధ్య సందు ఎంత సన్నగా ఉంటే అంత బలంగా పలుకుతుంది. సందు వెడల్పైతే నాలుక మునుపటిలాగే ఊగినా ధ్వని చచ్చిపోతుంది. వట్టి లోహమే మోగుతుంటే సందుతో దానికేం పని? ఇక్కడ కూడా గాలి తెగుతోందనీ, ఇది వాయు వాద్యమే అనీ వాదించేవాళ్ల బలం ఇదే.

అయితే శ్రుతి మాత్రం నాలుకదే. మోర్సింగ్ శ్రుతి తగ్గించాలంటే నాలుక కొసన మైనం అంటిస్తారు, బరువు పెరిగి నెమ్మదిస్తుంది. నోటిని ఎంత మార్చినా ఆ ఆధార శ్రుతి మారదు, అందులోంచి ఏ పై స్వరం బయటికి రావాలన్నదే మారుతుంది. నన్నడిగితే మోర్సింగ్‌ని రెండు చోట్లా రాసి ఒకదాని నుంచి ఇంకోదానికి దారి చూపడమే నిజాయితీ. మీటడం, ఊదడం అనే తేడా పట్టుకుని రెండింటినీ వేరు గదుల్లో పెట్టడం ఈ పద్ధతి సొంత నియమానికే విరుద్ధం. వాయించే తీరు లెక్కలోకి రాదని కదా మొదట్లో అనుకున్నది.

కీబోర్డు, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఎక్కడికి వెళ్తాయి?

1940లో జాక్స్ స్వయంగా ఐదో గది తెరిచాడు, విద్యుత్ వాద్యాలకి. 2011 సవరణలోనూ దానికి చోటు ఉంది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెలో స్పీకరు దాకా వచ్చేవరకు కంపించే వస్తువే లేదు, విద్యుత్ సంకేతం తప్ప. "మోగేది ఏమిటి" అని అడిగితే స్పీకరు కాగితపు పొర అనాలి. అప్పుడు అన్ని కీబోర్డులూ చర్మ వాద్యాల్లో చేరిపోతాయి. ఐదో గది తెరవక తప్పని పరిస్థితి అది.

ఎలక్ట్రిక్ గిటార్ మధ్యలో ఉంటుంది. మొదట కంపించేదీ, శ్రుతి ఇచ్చేదీ తీగే, విద్యుత్తు చేసేది మూడో పని మాత్రమే. మూడో ప్రశ్నని పక్కన పెట్టే నియమాన్ని ఇక్కడా పాటిస్తే అది తీగ వాద్యమే. కాంటాక్ట్ మైకు తగిలించిన వీణని విద్యుత్ వాద్యం అనం కదా.

మా ఊళ్లో దొరికిన జముకుని మా కళాశాల సేకరణలో నమోదు చెయ్యాలి. ఏం రాయాలి?

ఒక్క గడిలో ఒక్క పేరు రాసి ఊరుకోకండి. మూడు ప్రశ్నలకీ మూడు గడులు పెట్టండి. మొదట కంపించేది: నరం. శ్రుతిని నిర్ణయించేది: నరం బిగువు, చేతితో మారుతుంది, తోలు సాగుడు కొంత ప్రభావం చూపుతుంది. ధ్వనిని బయటికి చేర్చేది: తోలు, పాత్ర. ఆ తర్వాత వర్గం గడిలో "తీగ వాద్యం, బిగువు మార్చి వాయించేది, 1914 పద్ధతిలో 22" అని రెండూ రాయండి. పాత అంకె తీసేస్తే వేరే దేశపు కేటలాగులో గోపీయంత్రం వెతికేవాళ్లకి మీ జముకు దొరకదు.

నరం పొడవు, పాత్ర లోతు, తోలు వ్యాసం కొలిచి రాయండి. నరం ఏ పదార్థమో రాయండి, నైలాన్ అయితే నైలాన్ అనే రాయండి. వాద్యం ఇచ్చినవాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో అదే మొదటి పేరుగా ఉండాలి. జముకు అంటే జముకు, జమిడిక అంటే జమిడిక. వీలైతే వాయించేవాళ్ల చేత చిన్న వీడియో తీయించండి. అందులో పిడి పట్టుకున్న చెయ్యి కనపడేలా చూడండి, శ్రుతి మారేది అక్కడే.